విషయం: హిస్టరీ ప్రాజెక్టు గడువు నవంబరు 14 నుంచి 24 వరకు పొడిగించమని విన్నపం – మౌనిక, బి.ఏ. మూడో సంవత్సరం, రోల్ నంబర్ 37

గౌరవనీయులైన విజయలక్ష్మి మేడమ్ గారికి,

నమస్కారం మేడమ్. నేను బి.ఏ. మూడో సంవత్సరం, ఐదో సెమిస్టర్ చదువుతున్న మౌనికను. మీ దగ్గర "కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు – మా ఊరి అనుభవం" అనే ప్రాజెక్టు చేస్తున్నాను. దాన్ని ఈ శుక్రవారం, నవంబరు 14న ఇవ్వాలి. మా ఇంటి పరిస్థితుల వల్ల ఆ రోజుకు పూర్తి చేయలేకపోతున్నాను. నవంబరు 24, సోమవారం వరకు పది రోజుల గడువు ఇవ్వమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

కారణం వివరంగా చెప్తాను మేడమ్. అక్టోబరు 29న మొంథా తుఫాను వానలు వరంగల్ అంతటా పడిన సంగతి మీకు తెలుసు. నర్సంపేట దగ్గర మా ఊళ్లో అప్పటికి మా వరి కోతకు వచ్చి ఉంది. మాకు సొంతంగా మూడెకరాలు, కౌలుకు తీసుకున్నది రెండెకరాలు. ఆ ఒక్క రాత్రికి సగానికి పైగా చేను నేలకు ఒరిగిపోయింది. మర్నాడు నేను హాస్టల్ నుంచి ఇంటికి వచ్చాను. ఒకటి రెండు రోజులు ఉండి తిరిగి వెళ్దామనే వచ్చాను. కానీ 31వ తేదీ పొద్దున మడిలో నిలిచిన నీళ్లు తీయడానికి వెళ్లిన మా నాన్న ఒడ్డు మీద జారి పడ్డారు. కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ అవసరం లేదన్నారు గానీ ఆరు వారాల పాటు కట్టు తీయకూడదని, బరువు ఎత్తకూడదని డాక్టరు చెప్పారు. తమ్ముడు ఇంటర్ మొదటి సంవత్సరం. అమ్మ ఒక్కతే అన్నీ చూసుకోలేదు. అందుకే నేను ఆగిపోయాను.

పడిపోయిన వరిని, అదీ బురదలో, మామూలు టైర్ల హార్వెస్టర్ కోయలేదు. చైన్ హార్వెస్టర్ కావాలి. ఊళ్లో అందరికీ అదే అవసరం కాబట్టి మా వంతు వచ్చేసరికి నవంబరు 4 అయింది. కోత రెండు రోజులు పట్టింది. 6వ తేదీ నుంచి వడ్లు కొనుగోలు కేంద్రంలో ఉన్నాయి. తేమ 17 శాతం లోపు ఉంటేనే కాంటా వేస్తారు. ఈ రోజు సాయంత్రం చూస్తే మావి ఇంకా 21 దగ్గర ఉన్నాయి. పొద్దున పరచడం, రెండు మూడు గంటలకోసారి కాళ్లతో తిరగేయడం, మబ్బు పట్టగానే కుప్ప చేసి టార్పాలిన్ కప్పడం, రాత్రి ఒకరు కాపలా ఉండడం. నాన్న ఒంటి చేత్తో చేస్తానని వస్తారు, మేము పంపించేస్తాం. కొన్ని వడ్లు రంగు మారాయి. ఇంకా తడిస్తే మొలకలు వస్తాయని అమ్మకు ఒకటే టెన్షన్. ఎండ ఇలాగే కాస్తే 12 లేదా 13న కాంటా అవుతుందని అనుకుంటున్నాం. 14 పొద్దున నేను హనుమకొండ బయలుదేరగలను.

ఇందులో నా తప్పు కూడా ఉంది మేడమ్, అది దాచను. మీరు ఆగస్టులోనే ఫీల్డ్ వర్క్ ముందు పూర్తి చేయమన్నారు. నేను బతుకమ్మ సెలవుల్లో ఊళ్లోనే ఉన్నా చెరువు దగ్గరికి వెళ్లకుండా మొదటి రెండు అధ్యాయాలు రాస్తూ కూర్చున్నాను. పుస్తకాల పని అయ్యాక ఊరి పని చిటికెలో అవుతుందనుకున్నాను. అప్పుడే చేసి ఉంటే ఈ రోజు ఈ మెయిల్ రాయాల్సిన అవసరం ఉండేది కాదు. ఇంకొకటి, 31వ తేదీనే మీకు ఒక మాట చెప్పాల్సింది. రేపు వెళ్తాను, ఎల్లుండి వెళ్తాను అనుకుంటూ ఇంత దూరం తెచ్చుకున్నాను. ఈ రెండింటికీ క్షమించండి.

ప్రస్తుతం పని ఎక్కడ ఉందో చెప్తాను. మొదటి అధ్యాయం పూర్తయింది. గణపతిదేవుడి కాలం (1199–1262), ఆయన కింద జగదాల ముమ్మడి తవ్వించిన పాకాల చెరువు, రేచర్ల రుద్రుడి రామప్ప, చెరువు కట్టినవాళ్లకు, బాగోగులు చూసేవాళ్లకు ఇచ్చిన దశబంధ మాన్యాలు అందులో ఉన్నాయి. రెండో అధ్యాయం నైజాం కాలం నుంచి 2015లో మొదలైన మిషన్ కాకతీయ దాకా. అది రాశాను గానీ శాసన పాఠాల దగ్గర మీరు గుర్తు పెట్టిన మూడు చోట్ల సరిచూసుకోవాలి. ఆ శాసనాల సంపుటం మన లైబ్రరీలో రిఫరెన్స్ విభాగంలోనే ఉంది, బయటికి ఇవ్వరు. అందుకే ఊరి నుంచి అది సాధ్యం కాలేదు. నా లాప్‌టాప్ కూడా హాస్టల్‌లోనే ఉండిపోయింది. ఈ రెండు అధ్యాయాల ప్రతి నా మెయిల్‌లో ఉంది కాబట్టి దీనితో జత చేస్తున్నాను.

మిగిలింది మూడో అధ్యాయం, మా ఊరి చెరువు గురించి. మేడమ్, మీకు గుర్తుందో లేదో, సెప్టెంబరులో నేను ఇచ్చిన చిత్తుప్రతిలో "మత్తడి అంటే చెరువు నిండాక అదనపు నీరు బయటికి పోయే కట్టడం" అని ఒక వాక్యం రాశాను. దాని పక్కన మీరు పెన్సిల్‌తో "నువ్వు చూశావా?" అని రాశారు. నిజానికి నేను సరిగ్గా చూడలేదు. చిన్నప్పుడు దాని మీద ఆడుకున్నాను, అంతే.

ఈసారి చూశాను. నేను వచ్చిన మర్నాడు సాయంత్రం, నాన్నకు కట్టు కట్టించుకుని తిరిగి వస్తూ కట్ట మీద ఆగాం. చెరువు మత్తడి దుంకుతోంది. ఆ నీళ్లు ఎటు పోతున్నాయో మొదటిసారి చివరి దాకా కళ్లతో వెంబడించాను. వాగులోకి దిగి, రెండు పొలాల అవతల మలుపు తిరిగి, కింది ఊరి చెరువులోకే. గొలుసుకట్టు అనే మాట నేను ప్రాజెక్టులో కనీసం ఇరవై సార్లు రాసి ఉంటాను. దాని అర్థం నాకు ఆ సాయంత్రం తెలిసింది.

వడ్ల కాపలా రాత్రుల్లో ఇంకో మేలు జరిగింది. మా వడ్ల పక్కనే ఒక పెద్దాయన కుటుంబం వడ్లు ఉన్నాయి. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్న, తాత మా చెరువుకు నీరటికాళ్లు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలి, చివరి ఆయకట్టుకు నీళ్లు అందకపోతే ఎవరితో ఏం మాట్లాడాలి, ఇవన్నీ ఆయన చిన్నతనంలో తండ్రి వెంట తిరిగి చూసినవాడు. పై ఊరి చెరువు మత్తడి పడిందని కబురు రాగానే మా చెరువు కట్ట మీద మనుషుల్ని నిలబెట్టేవాళ్లట. ఎక్కడ కట్ట మెత్తబడితే అక్కడ మట్టి, కంప వేయడానికి. ఆయన అనుమతి తీసుకుని రెండు రాత్రులు ఫోన్‌లో రికార్డు చేశాను, మొత్తం గంటన్నర దాకా వచ్చింది. అదంతా విని, రాసుకుని, ఆయనకు చదివి వినిపించి తప్పులు దిద్దుకోవాలి. ఆయన మాటను నేను తప్పుగా రాయకూడదు.

14న ఏదో ఒకటి ఇచ్చేయాలంటే మూడో అధ్యాయాన్ని పుస్తకాల నుంచి నాలుగు పేజీలు రాసి ఇవ్వగలను. కానీ మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చేతికి వచ్చాక అలా ఇవ్వడానికి మనసు ఒప్పడం లేదు.

మీరు అనుమతిస్తే నా పని ఇలా సాగుతుంది. 14, 15 తేదీల్లో లైబ్రరీలో శాసన పాఠాలు సరిచూసి రెండో అధ్యాయం ముగిస్తాను. 18వ తేదీలోగా రికార్డింగ్ మొత్తం రాసేస్తాను. పెద్దాయనకు వినిపించడానికి 19న ఒక్క రోజు ఊరికి వెళ్లి వస్తాను. 21న మూడో అధ్యాయం చిత్తుప్రతి మీకు పంపుతాను. మీకు వీలుంటే ఒకసారి చూడండి, వీలు కాకపోయినా నేను 24 ఉదయం పది గంటలకు బైండింగ్ చేయించిన రెండు ప్రతులు డిపార్ట్‌మెంట్‌లో ఇస్తాను. 24 దాటి ఇంకో రోజు అడగను.

గడువులోగా ఇచ్చిన మిగతా విద్యార్థులకు అన్యాయం జరగకూడదని నాకు తెలుసు. ఆలస్యానికి మార్కులు తగ్గించే నియమం ఉంటే దానికి నేను సిద్ధమే. ఇంటర్నల్ మార్కులు పంపాల్సిన తేదీ వల్ల 24 వరకు కుదరదంటే మీరు ఏ రోజు చెప్తే ఆ రోజుకు ఇస్తాను. అసలు పొడిగింపే సాధ్యం కాదంటే పూర్తయిన రెండు అధ్యాయాలతో, మూడో దానికి చిన్న నోట్‌తో 14 సాయంత్రంలోగా సమర్పిస్తాను. దయచేసి ఏదైనా ఒక మాట చెప్పండి, దాన్ని బట్టి ఇక్కడ అమ్మతో మాట్లాడి పనులు సర్దుకుంటాను.

రెండు అధ్యాయాలతో పాటు నాన్న చికిత్సకు సంబంధించిన డాక్టరు చీటీ, కొనుగోలు కేంద్రంలో ఇచ్చిన టోకెన్ ఫోటోలు కూడా జత చేశాను. ఇంకేమైనా కాగితాలు కావాలంటే పంపుతాను. డిపార్ట్‌మెంట్ హెడ్ గారికి విడిగా అర్జీ రాయాలంటే అది కూడా రాస్తాను. ఈ వారం క్లాసులకు హాజరు కాలేకపోయిన విషయం క్లాస్ టీచర్ గారికి ఈ రోజే తెలియజేశాను.

పగలు కల్లం దగ్గర సిగ్నల్ సరిగ్గా ఉండదు. రాత్రి ఎనిమిది తర్వాత మెయిల్ తప్పకుండా చూస్తాను. మీరు ఫోన్ చేయమంటే మీకు వీలైన సమయానికి ఊళ్లోకి వచ్చి చేస్తాను.

మెయిల్ పొడవు అయినందుకు మన్నించండి మేడమ్. మీ సమయానికి ధన్యవాదాలు.

ఇట్లు,
మీ విద్యార్థిని
కె. మౌనిక
బి.ఏ. మూడో సంవత్సరం, రోల్ నంబర్ 37
9 నవంబరు 2025