ఏటికొప్పాక కుంకుమ భరిణెలు వ్రతం దాటాక అందాయన్న రివ్యూకి మా షాపు జవాబు

నమస్కారం మేడమ్,

మీరు రాసింది నిజమేనండీ. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8 శుక్రవారం. 51 కుంకుమ భరిణెలూ 6వ తేదీ బుధవారానికల్లా ఇస్తామని మాటిచ్చాం. పెట్టె మధురవాడలో మీ గుమ్మం ముందుకి వచ్చింది 9వ తేదీ శనివారం సాయంత్రం 5:40కి. పేరంటాళ్లు వచ్చి వెళ్లిపోయాక తాంబూలంలో పెట్టాల్సిన వస్తువు చేతికొస్తే ఏం లాభం? గురువారం రాత్రి మీరు పూర్ణా మార్కెట్‌కి పరుగెత్తి స్టీలు గిన్నెలు కొనుక్కోవాల్సి వచ్చింది కూడా మా వల్లే. క్షమించండి.

ఎందుకిలా అయ్యిందో చెప్తాను. తప్పు కప్పిపుచ్చుకోడానికి కాదు, ఎక్కడ తప్పామో తెలుసుకోవడం మీ హక్కు కాబట్టి.

మీరు జులై 27న ఆర్డర్ పెట్టినప్పుడు ఎరుపు మీద పసుపు గీత ఉన్నవి మా దగ్గర 30 సిద్ధంగా ఉన్నాయి. మిగతా 21 ఏటికొప్పాకలో చేయించాం. అవి ఆగస్టు 3 ఆదివారం వచ్చాయి. మూత తీసి, పెట్టి చూస్తే 14 బిగుసుకుపోయాయి. అంకుడు కర్ర పూర్తిగా ఆరకుండా లేత్ ఎక్కితే, పైగా వానాకాలం తేమ పడితే, మూత కూర్చునే అంచు ఉబ్బుతుంది. బలవంతంగా తిప్పితే అంచున లక్క పెచ్చులుగా లేచిపోతుంది. అలాంటివి ముత్తైదువల చేతిలో పెట్టడం బాగుండదని సోమవారం ఆ 14 వెనక్కి పంపాం. అంచు మళ్లీ చెక్కి, లక్క మళ్లీ పట్టించి, మొగలి రేకుతో మెరుగు పెట్టాలి. మంగళవారం వస్తాయనుకున్నాం. శ్రావణమాసం పని ఒత్తిడిలో గురువారం మధ్యాహ్నానికి గానీ రాలేదు. 2 గంటలకి కొరియర్ కౌంటర్లో ఇచ్చాం. ఊళ్లో పార్శిళ్లు ఆ రోజు సంచిలో వెళ్లాలంటే మధ్యాహ్నం ఒంటిగంటలోపు ఇవ్వాలి. గంట ఆలస్యానికి మీ పెట్టె మర్నాటి సంచిలోకి పోయింది.

వాన, కర్ర, కొరియర్ అన్నీ ఉన్నవే. కానీ వాటిని దాటుకుని మీ ఇంటికి సమయానికి చేర్చే దారి మాకు నాలుగు చోట్ల దొరికింది. నాలుగూ వదిలేశాం.

సోమవారమే మీకు ఫోన్ చేసి చెప్పాల్సింది. చేతిలో 37 ఉన్నాయి, మిగతా 14కి అదే సైజులో ఆకుపచ్చవి ఇవ్వమంటారా అని అడిగితే నిర్ణయం మీ చేతిలో ఉండేది. అడగలేదు. పోనీ ఆ 37 అయినా బుధవారం పంపాల్సింది. అన్నీ ఒకే రంగు కావాలన్నారు కదా, ఒకేసారి పంపుదామని ఆపాం. అది మా అంచనా తప్పు. గురువారం 2 గంటలకి కొరియర్ మానేసి కంచరపాలెం నుంచి ఆటోలో పెట్టి పంపినా సాయంత్రం లోపల మీ ఇంట్లో ఉండేవి. ఆటో ఖర్చు మేం పెట్టుకోవాల్సింది.

నాలుగోది ఫోన్. గురువారం 4:10కి, 5:25కి, 7:05కి మీరు చేసిన మూడు కాల్సూ మా ఫోన్లో ఉన్నాయి. మొదటి రెండు కాల్సూ పార్శిళ్లు కట్టే హడావిడిలో ఎత్తలేదు. మూడోది చూసి కూడా తిరిగి చేయలేదు, ఏం చెప్పాలో తోచక. ఆ ఒక్క ఫోన్ ఎత్తి ఉంటే మీరు కాస్త ముందే మార్కెట్‌కి వెళ్లేవారు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇదేనండీ.

"మంగళవారమే పంపేశామని అబద్ధం మెసేజ్ పెట్టారు" అని రాశారు. ఆ మెసేజ్ మేం టైపు చేసింది కాదు. పెట్టె మీద అంటించే చీటీ ప్రింట్ కొట్టగానే దానంతట అదే వెళ్తుంది. పని ముందుగా అయిపోతుందని చీటీ మంగళవారమే కొట్టి ఉంచాం. కానీ చదివిన మీకు అది అబద్ధమే, అందులో వాదన లేదు. ఇప్పుడు పెట్టె కొరియర్ చేతికి ఇచ్చేటప్పుడు మాత్రమే చీటీ కొడుతున్నాం.

ఇక డబ్బుల సంగతి. డెలివరీకి తీసుకున్న 120 రూపాయలు మీరు పంపిన యూపీఐకే ఈ ఉదయం తిరిగి వేశాం. దీనికి మీరేం చేయక్కర్లేదు.

భరిణెల ఖరీదు 4,080. అన్నీ వెనక్కి ఇచ్చేస్తామంటే మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, ఖర్చు మాదే. పెట్టె విప్పినా, కొన్నింట్లో కుంకుమ పోసి చూసినా ఫర్వాలేదు. లెక్కపెట్టుకున్న వెంటనే, మీ గుమ్మంలోనే మొత్తం 4,080 వేసేస్తాం. కొన్ని ఉంచుకుని కొన్ని ఇచ్చినా సరే, ఇచ్చిన ప్రతి దానికీ 80 చొప్పున లెక్క.

ఉంచుకుంటామంటే 25 శాతం, అంటే 1,020 రూపాయలు తిరిగి వేస్తాం. శ్రావణ శుక్రవారాలు ఇంకా రెండున్నాయి, 15వ తేదీ, 22వ తేదీ. ఆ తర్వాత దసరా పేరంటాలు వస్తాయి. ఆ 1,020తో మీరు పడ్డ హైరానా తీరదని తెలుసు. వస్తువు మీకు పనికొస్తుందనిపిస్తేనే ఉంచుకోండి, మా మొహం చూసి కాదు.

ఉంచుకుంటే ఒక మాట. మళ్లీ లక్క పట్టించిన 14 మిగతావాటి కన్నా కాస్త నిగనిగలాడుతూ కనిపిస్తాయి. ఈ ముసురుకి ఏ మూతైనా బిగిస్తే కత్తితో తెరవద్దు. ఒక రోజు ఫ్యాను గాలికి ఉంచితే వదులవుతుంది. ఎండలో పెడితే లక్క మెత్తబడి వేలిముద్రలు పడతాయి. తడిగుడ్డ కూడా వద్దు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అలా చేశాక కూడా మూత రాకపోతే ఆ ఒక్కటీ మార్చి ఇస్తాం, ఎన్నాళ్ల తర్వాతైనా.

పండగ ఆర్డర్లకి ఈ వారం నుంచే పద్ధతి మార్చాం. చెప్పిన తేదీకి నాలుగు రోజుల ముందు సరుకు మొత్తం చేతిలో లేకపోతే ఆ రోజే ఫోన్ చేస్తాం, ఎన్ని ఉన్నాయో, ఎన్ని లేవో చెప్తాం. గడువు రెండు రోజుల్లోకి వస్తే విశాఖ ఊళ్లో కొరియర్ లేదు, మనిషే తెచ్చి ఇస్తాడు, గాజువాకైనా పెందుర్తైనా అదే రేటుకి. మూడు గంటలు దాటినా తిరిగి చేయని కాల్ ఏదీ ఉండకూడదని షాపులో ఇద్దరం అనుకున్నాం.

రివ్యూ తీసేయమనో, స్టార్లు పెంచమనో అడగడం లేదండీ. మీకు జరిగింది మీరు రాశారు. అది అలాగే ఉండనివ్వండి.

ఈ సాయంత్రం 6కి, మీరు ఆర్డర్ పెట్టిన వాట్సాప్ నంబరు నుంచే ఫోన్ చేస్తాను. మాట్లాడటం ఇష్టం లేకపోతే "వెనక్కి" అనో "ఉంచుకుంటాం" అనో ఒక్క మాట మెసేజ్ పెట్టండి, చాలు. వెనక్కే అయితే రేపు ఉదయం 10 నుంచి 12 మధ్య మనిషి వస్తాడు. ఆ వేళ మీకు కుదరకపోతే ఏ వేళకి రమ్మంటే ఆ వేళకే.

ఆర్డర్ నంబరు 318. బిల్లు, డబ్బా, చీటీ ఏవీ వెతకక్కర్లేదు, అన్నీ మా దగ్గరున్నాయి.

నమస్కారాలతో,
షాపు యజమాని, కంచరపాలెం, విశాఖపట్నం