చిన్నాడికి, గట్టు మీది కొబ్బరిచెట్టు గురించి

ఒరేయ్ చిన్నా, ఫోన్‌లో చెప్తే మధ్యలోనే పెట్టేస్తావు. అందుకే అమ్మానాన్నల నోట విన్నవి కొన్ని, నాకు తోచినవి కొన్ని కాగితం మీద పెడుతున్నాను. రోజుకొకటి చదువుకో. కోపమొస్తే మడిచి పక్కన పెట్టు, చింపకు.

పోరు నష్టం, పొందు లాభం. ఊళ్లో అందరికీ నోటికొచ్చిన మాటే. గట్టు మీది ఆ చెట్టు తగువుతో 19 ఏళ్లుగా మీ అన్నదమ్ముల రెండిళ్లకే రావడం లేదు.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు. నువ్వు గెలిచిన రోజు నేను మీ ఇంట్లోనే ఉన్నాను. లాయరు ఫీజుకి అమ్మిన కాసులపేరు గురించి మరదలు ఇప్పటికీ నోరెత్తదు.

తెగేదాకా లాగకూడదు. లాగారు, తెగింది. ముడేస్తే ఆ ముడి చేతికి తగులుతూనే ఉంటుంది, తగలనీ. ముడి ఉన్న తాడుతో కూడా బావిలో నీళ్లు తోడుకోవచ్చు.

పుండు మానాలంటే పక్కు గిల్లకూడదు. ప్రతి పండక్కీ నాలుగు ముద్దలు లోపలికి పోగానే మొదలుపెడతావు, "నాన్న పోయిన పదోరోజునే అన్న కొలిచేవాణ్ణి తెచ్చాడు" అని. తెచ్చాడు. తప్పే. తప్పు కాదని నేననను, నువ్వూ అనక్కర్లేదు. క్షమించినవాడు బాకీ మర్చిపోడురా, వసూలు మానేస్తాడు.

ఒళ్లో నిప్పు కట్టుకుంటే ముందు కాలేది కట్టుకున్నవాడి పంచే.

పాండవులు అయిదూళ్లు చాలన్నారు, సుయోధనుడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు. అన్నదమ్ముల తగువులో ఎవడికి వాడే ధర్మరాజు. అదే చిక్కు.

కీడు చేసినవాడికి మేలు చేసి పొమ్మన్నాడు వేమన్న. గొప్ప మాటే గానీ, ఆ "పొమ్మను" దగ్గర నాకు మింగుడుపడదు. అన్నని ఎక్కడికి పొమ్మంటావు? వాడి పెరడు మీ పెరటి పక్కనే కదా.

క్షమాపణ చెప్పించుకుని క్షమిస్తే అది బేరం.

ముందు పలకరించినవాడు చిన్నవాడైపోతాడని భయమా? నువ్వు ఎలాగూ చిన్నవాడివే.

అమ్మ తద్దినం రెండిళ్లలో పెడుతున్నారు. కాకి ముందు ఎవరి గోడ మీద వాలిందో మరదళ్లిద్దరూ చూసుకుంటున్నారట. ఒక్క చెయ్యి అన్నం కలిపి ఇద్దరికీ ముద్దలు పెట్టిన మనిషి ఏ వాకిట్లోకి రావాలిరా? ఇది సామెత కాదు, అడుగుతున్నానంతే.

వైశాఖంలో పెద్దాడి పిల్ల పెళ్లి. శుభలేఖ పట్టుకుని వాడు మీ గేటు దాకా వచ్చి, కాసేపు నిలబడి, వెనక్కి వెళ్లిపోయాడని మీ ఎదురింటావిడ చెప్పింది. పందిట్లోకి బొండాలు కావాలి. దింపు వాళ్లని పిలిపించి ఆ చెట్టువే దింపించు. ఆటో కిరాయి నేనిస్తాను.

అక్క