బుధవారం కుదరలేదు, ఇంకో రోజు చూసుకుందాం మాస్టారూ

రాజమహేంద్రవరం
14 నవంబరు 2025, శుక్రవారం

సుబ్బారావు మాస్టారు గారికి,

నమస్కారం. దానవాయిపేట హియరింగ్ సెంటర్ నుంచి ఆడియాలజిస్టు మాధవిని రాస్తున్నాను. అక్టోబరు 24న మీ రెండు చెవులకూ మిషన్లు పెట్టి పంపింది నేనే. మొన్న బుధవారం, 12వ తారీకు పదకొండు గంటలకి మీరు ఒకసారి వచ్చి చూపించుకుందామని అనుకున్నాం. కుదిరినట్టు లేదు. ఎందుకు కుదరలేదో నాకు చెప్పాల్సిన పనేమీ లేదండి. కార్తీక మాసం, ఇంటికి వచ్చే పోయే చుట్టాలు, గోష్పాద క్షేత్రం దగ్గర జనం, బ్రిడ్జి మీద ట్రాఫిక్, ఒంట్లో కాస్త నలత... ఏదైనా ఉండొచ్చు. ఆ టైములో ఇంకొకరిని చూసేశాను కాబట్టి మా పని ఆగలేదు. రానందుకు చార్జీ అంటూ ఏమీ ఉండదు.

ఫోన్ చేయకుండా ఇంత పొడుగ్గా రాస్తున్నానేమిటా అనుకుంటారేమో. ఫోన్లో మాట తెలియడం కష్టంగా ఉందని మీరు మొదటి రోజే చెప్పారు. మాట సరిగ్గా తెలియనప్పుడు "సరే, సరేనమ్మా" అనేసి పెట్టేయడం అందరూ చేసేదే. అందుకని ఇక నుంచి మీకు పంపే ప్రతి కబురూ వాట్సాప్‌లో రాసే పంపుతాం. మీ అబ్బాయి నంబరు కూడా మా ఫైల్లో ఉంది గానీ ఆయనకి చేయలేదు. మీ చెవుల సంగతి ముందు మీతోనే మాట్లాడాలి కదా.

ఇప్పుడు అసలు విషయం. మిషన్లు మీరు రోజూ పెట్టుకుంటున్నారో, కొన్నాళ్లు పెట్టుకుని తీసేశారో, బీరువాలో ఉన్నాయో నాకు తెలియదు. మూడింటిలో ఏదైనా సరే, రండి. బీరువాలో ఉంటే వాటినే తీసుకుని రండి. మిషను కొత్తగా పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఇబ్బందిగా ఉందని తీసి పక్కన పెడతారు. తీసి పెట్టాం కదా, ఇప్పుడు వెళ్తే ఏమంటారో అని ఇటువైపు రావడం కూడా మానేస్తారు. మా దగ్గర అలా అనేవాళ్లు ఎవరూ లేరు.

ఇంకొకటి ముందే చెప్పేస్తాను. మిషన్ని కంప్యూటరుకి కలపగానే అది రోజుకి సగటున ఎన్ని గంటలు ఆన్‌లో ఉందో చూపిస్తుంది. ఆ సంగతి తెలిసి కొందరు మొహమాటపడతారు. అది పరీక్షలో మార్కుల్లాంటిది కాదు. రోజుకి గంటే అని కనబడితే ఎక్కడో ఇబ్బంది ఉందని నాకు అర్థమవుతుంది, అది వెతుకుతాను. పది గంటలని కనబడితే ఇంకొంచెం సౌండ్ పెంచవచ్చా అని చూస్తాను. నాకు దాంతో పని అంతవరకే.

మొదటి రోజు నేను పెట్టిన సెట్టింగు ఆఖరి సెట్టింగు కాదు. మీ ఆడియోగ్రామ్ చూసి, కొంచెం తగ్గించే పెట్టాను. కొన్నేళ్లుగా సన్నని శబ్దాలు అందని చెవికి ఒక్కసారిగా అన్నీ వినిపిస్తే తట్టుకోవడం కష్టం. అలవాటు పడేకొద్దీ మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోతాం. అందుకే మూడు వారాలకి ఒకసారి రమ్మన్నది. కాబట్టి ఇప్పుడు మీకు వినిపిస్తున్నది చూసి "ఈ మిషను ఇంతే" అనుకోవద్దు.

వయసుతో వచ్చే చెవుడు మీలో ఎక్కువగా సన్నని శబ్దాల దగ్గరే ఉంది. 'ఆ', 'ఓ' లాంటి అచ్చులు బాగానే అందుతాయి. స, చ, త, క లాంటివి జారిపోతాయి. తల అన్నారా కల అన్నారా తెలియదు. అందుకే "మాట వినిపిస్తోంది గానీ తెలియడం లేదు" అని మీరు అన్నది అక్షరాలా నిజం. ఆడవాళ్ల మాట, చిన్నపిల్లల మాట మరీ తెలియకపోవడానికీ కారణం అదే. మిషను ఆ సన్నని శబ్దాలనే పెంచుతుంది. పెంచేటప్పుడు అమ్మగారి మాటతో పాటు స్టీలు కంచాల చప్పుడు, పేపరు పేజీ తిప్పిన గరగర, చెప్పుల చప్పుడు కూడా పెరుగుతాయి. మొదట్లో అవే ముందుకొచ్చి చిరాకు పెడతాయి. మీ గొంతు మీకే బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు అనిపిస్తుంది. వీటిలో కొన్ని అలవాటు మీద సర్దుకుంటాయి, మిగిలినవాటిని నేను కంప్యూటరులో తగ్గించగలను. ఏవి ఎంత ఇబ్బంది పెడుతున్నాయో మీ నోటి నుంచి వింటే తప్ప తగ్గించడానికి నాకు ఆధారం ఉండదు.

అందుకని రెండు రోజులు ఖాళీగా ఉంచాను.

18వ తారీకు మంగళవారం, ఉదయం 11 గంటలకి. సోమవారం కార్తీక మాసంలో ఆఖరి సోమవారం, ఉపవాసం ఉంటారేమోనని ఆ రోజు పెట్టలేదు.

లేదా 22వ తారీకు శనివారం, ఉదయం 11 గంటలకి. గురువారం అమావాస్య. శుక్రవారం పోలి పాడ్యమి, తెల్లవారుజాము నుంచే రేవుల దగ్గర దీపాలు వదిలే జనం ఉంటారు. శనివారానికి దారి కాస్త ఖాళీగా ఉంటుంది.

"మంగళవారం" అనో "శనివారం" అనో ఈ నంబరుకి ఒక్క మాట పెడితే చాలు. రెండూ కుదరకపోతే మీకు ఎప్పుడు వీలో రాయండి, దాన్నిబట్టి చూసుకుంటాను. బ్రిడ్జి దాటి రావడమే కష్టమైతే అదీ చెప్పండి. 23వ తారీకు ఆదివారం ఉదయం నాకు కొవ్వూరులోనే పని ఉంది. లాప్‌టాప్ తెచ్చుకుని మీ ఇంటికే వస్తాను. సెట్టింగ్ మార్చడానికి ఎక్కడైనా డబ్బులు తీసుకోం. మీరు మిషను కొన్నప్పుడు కట్టినదాంట్లోనే అది ఉంది.

వచ్చేటప్పుడు అమ్మగారిని కూడా తీసుకురండి. ఇంట్లో మీరు ఎక్కువగా వినేది ఆవిడ మాటే. మా గదిలో మిషను బీప్ శబ్దాలకి సరిపోయిందంటే లాభమేముంది, ఆవిడ మాటకి సరిపోవాలి. ఆవిడని మీకు కాస్త దూరంగా కూర్చోబెట్టి, నోరు కనబడకుండా మామూలుగా మాట్లాడమని, దాన్ని చూసుకుంటూ సెట్ చేస్తాను. మొత్తం ముప్పావు గంట పడుతుంది. ముందు చెవిలో గుమిలి ఉందేమో చూస్తాను. చెయ్యి చెవి దగ్గరికి తెచ్చినప్పుడు కుయ్‌మని కూత వస్తోందని అనుకోండి, లోపల పెట్టుకునే రబ్బరు టోపీ సైజు మార్చాలేమో చూస్తాను. మీతో పాటు మిషన్ల పెట్టె, మిగిలిన బ్యాటరీలు తెస్తే చాలు. ఏ ఏ సందర్భాల్లో ఇబ్బంది అనిపించిందో ఒక కాగితం మీద రాసుకుని తెస్తే నా పని ఇంకా తేలికవుతుంది.

ఈలోగా మళ్లీ పెట్టుకోవాలనిపిస్తే పొద్దున్న ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఒక గంట పెట్టుకోండి. అమ్మగారితో ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడుకోండి. టీవీ తర్వాత. ఫంక్షన్ హాలు, గుడి దగ్గర మైకు ఇప్పుడప్పుడే వద్దు. మైకు సెట్ల పక్కన మాట తెలియడం మంచి చెవులకే కష్టం. కుడిది ఎర్ర గుర్తు ఉన్నది, ఎడమది నీలం గుర్తు ఉన్నది. రెండూ తారుమారైతే చెవిలో సరిగ్గా కూర్చోవు, వినిపించేదీ తేడాగా ఉంటుంది.

బ్యాటరీ మీద నారింజ రంగు స్టిక్కరు ఉంటుంది కదా, అది పీకిన వెంటనే మిషనులో వేయకండి. రెండు మూడు నిమిషాలు గాలికి ఉంచి వేయండి, గాలి తగిలితేనే అందులో కరెంటు పుడుతుంది. ఒకసారి స్టిక్కరు పీకాక వాడినా వాడకపోయినా ఆ బ్యాటరీ క్రమంగా అయిపోతుంది. అందుకే పెట్టెలో ఊరికే ఉన్న మిషను ఆన్ కాకపోతే పాడైపోయిందని కంగారుపడొద్దు, కొత్త బ్యాటరీ వేసి చూడండి. రాత్రి పడుకునేటప్పుడు బ్యాటరీ తలుపు తీసి ఉంచండి.

కార్తీక స్నానాలకి రేవుకి వెళ్తే మిషన్లు ఇంట్లోనే పెట్టెలో పెట్టి వెళ్లండి. అలవాటైనకొద్దీ చెవిలో ఉన్న సంగతే మర్చిపోతారు, మునకేశాక గుర్తొస్తుంది. ఒకవేళ తడిస్తే బ్యాటరీ తీసేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మేమిచ్చిన సిలికా జెల్ డబ్బాలో రాత్రంతా ఉంచండి. ఎండలో పెట్టడం, వేడిగాలి పట్టించడం మాత్రం వద్దు. అలా తడిసిపోవడం వల్లే బుధవారం రాలేకపోయి ఉంటే మొహమాటపడకండి, ఆ మిషన్నే తీసుకుని రండి. ఇంకా వారంటీలోనే ఉంది. కంపెనీకి పంపాల్సి వస్తే అది తిరిగొచ్చేదాకా వాడుకోవడానికి ఇంకో జత ఇస్తాను.

మిషన్లు వద్దే వద్దనుకుంటున్నా, ఆ మాట చెప్పడానికైనా ఒకసారి రండి మాస్టారూ. సెట్టింగ్ మార్చి, ఇంకో రెండు వారాలు చూసి, అప్పుడూ మీకు నప్పకపోతే ఏం చేయాలో ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. పెట్టుకోండని నేను బలవంతపెట్టను.

మీ దగ్గర్నుంచి కబురు రాకపోతే సోమవారం సాయంత్రం ఇంకొక మెసేజ్ పెడతాను. ఫోన్ మాత్రం చేయను.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మాధవి
ఆడియాలజిస్టు, హియరింగ్ సెంటర్, దానవాయిపేట

తా.క. మోకాళ్ల నొప్పి అన్నారు కదా, మెట్లెక్కకండి. మందుల షాపు పక్క సందులోంచి వస్తే లిఫ్ట్ ఉంది, మొదటి అంతస్తు నొక్కండి. కింద నిలబడి మెసేజ్ పెట్టినా మా అబ్బాయి వచ్చి తీసుకొస్తాడు.