ప్రకటనలో ఆర్‌టీఎక్స్ 4060, పంపింది 4050: ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకోవలసిందిగా ఫిర్యాదు

విశాఖపట్నం,
17 మార్చి 2025

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

ఆర్డర్ నం. 4071-558326. చెల్లించినది రూ. 98,990. ఎంవీపీ కాలనీలో డెలివరీ అయిన తేదీ 14 మార్చి 2025.

అయ్యా,

మీ పేజీలో ఈ ల్యాప్‌టాప్‌కు 8 జీబీ ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఉందని రాశారు. బిల్లులోనూ అదే ఉంది. వచ్చిన దానిలో ఉన్నది 6 జీబీ ఆర్‌టీఎక్స్ 4050. డబ్బా మీది స్టిక్కరు కూడా 4050 అనే చెబుతోంది, అంటే సరుకు మీ గోడౌన్‌లోనే తారుమారై ఉండాలి. ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మాత్రం చెప్పినవే వచ్చాయి.

కమాండ్ ప్రాంప్ట్‌లో చూస్తే ఇలా వచ్చింది:

```
nvidia-smi --query-gpu=name,memory.total --format=csv
name, memory.total [MiB]
NVIDIA GeForce RTX 4050 Laptop GPU, 6141 MiB
```

15వ తేదీన మీ కస్టమర్ కేర్ వారు డ్రైవర్ అప్‌డేట్ చేయమన్నారు. చేశాను, ఏమీ మారలేదు. మారదు కూడా. డ్రైవర్ చిప్‌ను గుర్తించి పేరు చూపిస్తుందే తప్ప, లేని మెమరీని తెచ్చిపెట్టలేదు. ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్‌ను చూసి పొరబడ్డానన్న మాటా నిలవదు. డివైస్ మేనేజర్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్, 4050 రెండూ వేర్వేరుగా కనిపిస్తున్నాయి.

ఇది పేరులో అంకె తేడా కాదు. ల్యాప్‌టాప్ 4060లో 3072 క్యూడా కోర్లు, 128 బిట్ల మెమరీ బస్సు ఉంటాయి. 4050లో 2560 కోర్లు, 96 బిట్లే. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద సీన్ 6 జీబీ దాటితే రెండరింగ్ బాగా నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. పైగా చిప్ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది కాబట్టి కార్డు ఒక్కటే మార్చడం కుదరదు. మీరు ఇస్తామన్న రూ. 2,000 కూపన్ నాకు అక్కర్లేదు.

ప్రకటించిన 4060 మోడలే పంపండి. స్టాకు లేకపోతే రూ. 98,990 పూర్తిగా, ఏ కోతా లేకుండా, చెల్లించిన ఖాతాకే వెనక్కి వేయండి. పికప్ ఖర్చు మీదే. వచ్చే మనిషి పైన రాసిన కమాండ్ కొట్టి చూసి, సీరియల్ నంబరు సరిపోల్చుకుని, రసీదు ఇచ్చి తీసుకువెళ్లాలి. డబ్బా, ఛార్జర్, కాగితాలు అన్నీ భద్రంగా ఉన్నాయి. మీ 7 రోజుల రిటర్న్ గడువు 21తో ముగుస్తుంది. ఈ ఫిర్యాదు అంతకు ముందే అందిందని నమోదు చేసుకోండి.

ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేని పక్షంలో 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. కొన్నవారు నివసించే చోటే కేసు వేయవచ్చు. ఈ మొత్తానికి ఫీజు కూడా లేదు.

జతపరిచినవి: మీ పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, డబ్బా స్టిక్కరు ఫొటో, కమాండ్ ఫలితం, డబ్బా తెరిచిన వీడియో.

ఇట్లు,
ఎల్. సూర్యనారాయణ
(ఫోన్: ఆర్డర్‌లో ఇచ్చిన నంబరే)