మెయింటెనెన్స్ బకాయిల గురించి మన ఫ్లాట్ల వాళ్లందరికీ (పాత నోటీసు బదులు)

అపార్ట్‌మెంట్ నివాసుల సంఘం, వెంకటరమణ కాలనీ, కర్నూలు
తేదీ: 04-05-2025

అందరికీ నమస్కారం.

గురువారం లిఫ్టులో అంటించిన నోటీసు తీసేశాం. దాంట్లో పేర్లు ఎర్ర ఇంకుతో రాసి, పైన 'డిఫాల్టర్లు' అని పెట్టింది నేనే. ట్యాంకర్ అతను డబ్బు కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు చిరాకులో రాసిన మాట అది. చుట్టాలొచ్చిన ఇంటివాళ్లకు అది ఎంత ఇబ్బందో తర్వాత తెలిసింది. క్షమించండి. మాట మార్చాను కానీ లెక్క మాత్రం మారలేదు, దాన్ని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

ఏప్రిల్ 30 నాటికి రావలసినవి:

ఫ్లాట్ 103: మార్చి, ఏప్రిల్ – రూ. 3,600
ఫ్లాట్ 201: డిసెంబర్ నుంచి 5 నెలలు – రూ. 9,000
ఫ్లాట్ 304: ఫిబ్రవరి నుంచి 3 నెలలు – రూ. 5,400
ఫ్లాట్ 402: సెప్టెంబర్ నుంచి 8 నెలలు, బోరు మోటారు వాటా రూ. 1,500 కలిపి – రూ. 15,900
ఫ్లాట్ 504: మోటారు వాటా మాత్రమే – రూ. 1,500

మొత్తం రూ. 35,400. మన 20 ఫ్లాట్ల నుంచి నెలకు రావలసింది రూ. 36,000. అంటే దాదాపు ఒక నెల డబ్బు బయటే ఉండిపోయింది.

ఏప్రిల్‌లో ఏమైందో చూడండి. వాచ్‌మన్ జీతం 11,000, ఊడ్చే ఆమెకు 3,500, కామన్ మీటర్ కరెంటు బిల్లు 7,800, జనరేటర్ డీజిల్, చిల్లర ఖర్చులు 1,800. ఇవి ప్రతి నెలా ఉండేవే. మన ఊరి ఎండలకు బోరు సగానికి తగ్గింది కాబట్టి 14 ట్యాంకర్లు తెప్పించాం. ఒక్కోటి 800 చొప్పున 11,200. మొత్తం 35,300 ఖర్చయితే, కట్టిన 16 ఫ్లాట్ల నుంచి వచ్చింది 28,800. తగ్గిన 6,500 పొదుపులో నుంచి తీశాం. ఇప్పుడు బ్యాంకులో మిగిలింది రూ. 8,300. జూన్ 10 లోపు లిఫ్టు మెయింటెనెన్స్ కాంట్రాక్టుకు 26,000 కట్టాలి. అది కట్టకుండా లిఫ్టు ఆగిపోతే అయిదో అంతస్తులో మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దవాళ్లు మెట్లెక్కాలి. వాళ్లేమో ప్రతి నెలా అయిదో తారీఖు లోపే కట్టేస్తున్నారు.

బకాయి ఉన్నవాళ్లు మే 18, ఆదివారం లోపు కట్టండి. అప్పటిలోపు కట్టినవాళ్ల దగ్గర పాత ఆలస్య రుసుము తీసుకోం. మే 19 నుంచి మాత్రం జనవరి జనరల్ బాడీ మీటింగులో మనందరం ఒప్పుకున్నట్టు, బకాయి ఉన్న ప్రతి నెలకు రూ. 100 కలుస్తుంది. దీంట్లో మొగమాటం ఉండదు, కమిటీ వాళ్లకైనా ఇదే. ఫ్లాట్ అమ్మేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు సంఘం ఇచ్చే నో డ్యూ లెటర్ కూడా బాకీ తీరాకే ఇస్తాం. నీళ్లు ఆపేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆ పని చేయం. బాకీ ఉందని పక్కింటి పిల్లలకు నీళ్లు ఆపే వాళ్లం కాదు.

ఒకేసారి కట్టడం కష్టమైతే చెప్పండి. చేతి బిగువు ఎవరికైనా వస్తుంది. 402 లాంటి పెద్ద మొత్తాన్ని మూడు వాయిదాల్లో తీసుకోవడానికి కమిటీ ఒప్పుకుంది. అయితే మే 11 లోపు వచ్చి మాట్లాడాలి. ఆ మాటలు ట్రెజరర్‌కూ మీకూ మధ్యే ఉంటాయి, వాట్సాప్ గ్రూపులోకి రావు.

బాడుగకున్నవాళ్లు "ఓనర్ కడతారు" అంటున్నారు, బెంగళూరులో ఉన్న ఓనరేమో "బాడుగవాళ్లు కట్టాలి" అంటున్నారు. మీ ఒప్పందం ఏదైనా మీరిద్దరూ తేల్చుకోండి. సంఘానికి బాకీ ఫ్లాట్‌దే, చివరికి ఓనర్‌నే అడుగుతాం.

మార్చి 12న ఎవరో 1,800 పంపారు. ఫ్లాట్ నంబర్ రాయలేదు కాబట్టి ఎవరి ఖాతాలోనూ వేయలేకపోయాం. పై లెక్కలో ఉన్నవాళ్లదే అయితే మెసేజ్ చూపించండి, వెంటనే తగ్గిస్తాం. ఇకమీదట నోటీసు బోర్డు మీదున్న క్యూఆర్ కోడ్‌కు పంపేటప్పుడు ఫ్లాట్ నంబర్, నెల తప్పకుండా రాయండి. నగదు ఇచ్చేవాళ్లు రాత్రి 8 నుంచి 9 మధ్య 302లో ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. వాచ్‌మన్ చేతికి ఇవ్వద్దు. పాపం, పోయినసారి ఆయన మీదకే మాట వచ్చింది.

లెక్క తప్పనిపిస్తే మే 11, ఆదివారం సాయంత్రం 7 గంటలకు కింద పార్కింగ్‌లోకి రండి. బిల్లులు, పాస్‌బుక్ టేబుల్ మీద పెడతాం. బాకీ లేనివాళ్లు కూడా వచ్చి చూడొచ్చు, టీ ఉంటుంది. దాని ఖర్చు నాదే, మెయింటెనెన్స్‌లో వేయను.

ఇట్లు,
సెక్రటరీ, ఫ్లాట్ 403
ట్రెజరర్, ఫ్లాట్ 302