నల్లగొండలో ఒక గడప ముందు: వాటర్ ప్యూరిఫయర్ గురించి రెండు నిమిషాలు

నమస్తే అక్కా! ఆ బిందె లోపల తెల్లపొర చూశారా? గోరుతో గీకితే పొడిలా రాలుతోంది. బోరు నీళ్లేనా తాగేది? ఒక గ్లాసు ఇవ్వండి, నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చెప్పే టీడీఎస్ మీటర్ మీ ముందే పెడతా. ఇదిగో, లీటరుకు 860 మిల్లీగ్రాములు. 500 దాటకుండా ఉంటే మంచిదని మన దేశ ప్రమాణం.

కరెంటు పెట్టి నీళ్లు ఎర్రగా మార్చి చూపించే డెమో నేను చెయ్యను. ఆ రంగు ఇనుప కడ్డీల నుంచి వచ్చేది, దాంతో భయపెట్టడం తప్పు.

కాచి తాగుతామంటారా? క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. మన జిల్లాలో దాంతో ఎముకలు వంగిన పెద్దవాళ్లను మీరూ చూసే ఉంటారు. ఈ మీటర్ ఫ్లోరైడ్ చెప్పదు. ముందు ల్యాబ్‌లో టెస్టు చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్‌ను కూడా వడకట్టే ఈ ఆర్‌ఓ ప్యూరిఫయర్ తప్పనిసరిగా పెట్టించుకోండి.

ఖర్చా? బోరు నీళ్లు మానేసి రోజుకో 20 రూపాయల క్యాన్ కొంటే ఏడాదికి 7,300. మిషన్ 9,800, రెండో ఏడు నుంచి ఫిల్టర్లకు 2,500. క్యాన్లతో పోలిస్తే రెండేళ్లలోపే డబ్బులు తిరిగొచ్చేస్తాయి.

నీళ్లు వృథా అవుతాయి, నిజమే. లీటరుకు రెండు మూడు లీటర్లు పోతాయి. బకెట్‌లో పట్టి ఇల్లు తుడవండి, మొక్కలకు మాత్రం వద్దు, ఉప్పు ఎక్కువ.

సర్వీసుకు ఎవరూ రారన్న టెన్షన్ వద్దక్కా, ఈ ఏరియా నాదే. అన్నయ్యతో మాట్లాడండి, ఆదివారం పొద్దున మళ్లీ వస్తా.