అహోబిలం గరుడాద్రికి

భవనాశి దాటి నీ పాదం తాకగానే
చెప్పులతో పాటు గర్వమూ విప్పమన్నావు.
చెప్పులే తేలిగ్గా వచ్చాయి.

నీవు వినే కొండవు.
జ్వాలా నరసింహుడి దారిలో, పైనుంచి రాలే నీళ్లలో
నీ ఊపిరి తడి నా మెడకు తగిలింది.

ఉగ్రస్తంభానికి ఎక్కేచోట కాళ్లు చాలలేదు.
అరచేతులు బండకు ఆనించి, మోకాళ్లు దోక్కుపోయి
నాలుగు కాళ్ల జీవినై పాకాను.
సగం మృగమైన స్వామి కొండకు
నిటారుగా రావడమేం మర్యాద!

చెంచుల అల్లుణ్ణి ఒడిలో దాచుకున్న తల్లీ,
వాళ్ల పిల్లలు నీ భుజాలపై పరుగులు తీస్తుంటే
నా ఆయాసాన్ని కూడా ఓర్చుకున్నావు.
(కర్నూలు మేడమెట్ల ఊపిరి, ఏం చేస్తాం!)

శిఖరం గెలిచానని అనను.
రాతి పగులులో వేళ్లు దూర్చి వేలాడినప్పుడు
పట్టుకున్నది నీవే.
ఇంకాస్సేపు వదలకు,
దిగాలి కదా!